ఐదుగురు రాసిన ప్రతిపాదనను ఒకరు రాసినట్టు చేయడం ఎలా? తొమ్మిది రోజులే ఉంది

సీమపల్లె · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. పంటకుంటల కోసం, విదేశాల్లోని తెలుగువాళ్లు నడిపే ఒక ట్రస్టుకు ప్రతిపాదన పంపాలి. ఊరి కమిటీ చదివి సంతకం పెట్టాలి కాబట్టి తెలుగులోనే కావాలన్నారు. 20 పేజీలు దాటకూడదు. ఐదుగురం తలా ఒక భాగం రాశాం, కలిపితే 27 పేజీలైంది. నిన్న మా సార్ ఫైలు నాకు పంపి, “భాష ఒకసారి చూసి సరిచెయ్యి నాయనా” అన్నారు.

చదివితే తల తిరిగింది. ఒక్కో భాగం నుంచి ఒక్కో వాక్యం పెడతాను, మీరే చూడండి.

సమస్య భాగం మా సార్ రాశారు: “కరువు రక్కసి కోరల్లో చిక్కి తరతరాలుగా విలవిలలాడుతున్న ఈ నేలతల్లి గుండెకోత ఎవరికి తెలుసు?”

లక్ష్యాలు మా వ్యవసాయ నిపుణుడు రాశారు. ఆయన ప్రభుత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు: “ప్రతిపాదిత గ్రామములందు 120 నీటి సేకరణ నిర్మాణములు చేపట్టబడును. తద్వారా 180 మంది లబ్ధిదారులు ప్రయోజనము పొందగలరు.”

అమలు భాగం నాది: “మొదటి ఏడాది మనం ఊళ్లలో రైతులతో కూర్చుని ఎవరి చేలో కుంట తవ్వాలో తేల్చుకుంటాం.”

పర్యవేక్షణ, కొత్తగా చేరిన ఒక అమ్మాయి రాసింది: “బేస్‌లైన్ సర్వే కండక్ట్ చేసి, మంత్లీ రిపోర్ట్స్ సబ్మిట్ చేయడం జరుగుతుంది.”

బడ్జెట్ మా అకౌంటెంట్ గారిది: “ఫారం పాండ్ తవ్వకం, 120 నం., జేసీబీ ఒక్కింటికి 8 గం., గం. 1కి రూ. 1,200/-.”

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ నాకంటే పెద్దవాళ్లు. ఒక్క మాట మార్చినా నొచ్చుకుంటారని టెన్షన్.

పట్నంబాబు · సోమవారం రాత్రి 11:15

హైదరాబాద్‌లో టెండర్లు రాసే పని నాది, ఎనిమిదేళ్ల నుంచి ఇదే. మీది చాలా ఈజీ కేసు బ్రదర్. ముందు ఒక పదాల జాబితా చేసుకోండి, ఎడమవైపు తప్పు మాట, కుడివైపు వాడాల్సిన మాట. Ctrl+H కొట్టి అన్నీ ఒకేసారి మార్చేయండి. “లబ్ధిదారులు” అంటే “రైతులు”, “నీటి సేకరణ నిర్మాణం”, “ఫారం పాండ్” అంటే “పంటకుంట”. సగం పని గంటలో అయిపోతుంది. మిగతా సగం మీరే మొదటి నుంచి చివరి దాకా మళ్లీ రాసేయండి. ఐదుగురినీ అడుగుతూ కూర్చుంటే తొమ్మిది రోజులు కాదు, తొంభై రోజులైనా తెమలదు.

కాఫీకప్పు · మంగళవారం ఉదయం 6:50

ఒక్కో భాగం ఒక్కోలా కనిపిస్తోందంటే ఫాంట్ సమస్య. ఎవరో అను ఫాంట్‌లో కొట్టి ఉంటారు. ముందు అందరిదీ యూనికోడ్‌కి మార్చి, సైజు 12, లైన్ల మధ్య ఖాళీ ఒకేలా పెట్టండి. చూడ్డానికి ఒకేలా ఉంటే చదవడానికీ ఒకేలా ఉంటుంది.

సీమపల్లె · మంగళవారం ఉదయం 7:30

కాఫీకప్పు గారూ, నేను అడిగింది భాష గురించండీ, ఫాంటు గురించి కాదు. కానీ మీరన్నది నిజమే, నిపుణుడు గారి భాగం అను ఫాంట్‌లోనే వచ్చింది. మార్చితే కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి.

కాఫీకప్పు · మంగళవారం ఉదయం 7:42

చూశారా! మార్చాక ఆ భాగాన్ని కాగితంతో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. వత్తు పోయిన మాట వెతుకులాటలో దొరకదు, అదే అసలు చిక్కు.

ఎర్రసిరా · మంగళవారం మధ్యాహ్నం 1:20

పాతికేళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. ఇప్పుడు ఇలాంటి ప్రతిపాదనలు దిద్దుతుంటాను. పట్నంబాబు గారు చెప్పినదాంట్లో మాటల జాబితా మంచిదే. మిగతా రెండూ వద్దు.

సీమపల్లె గారూ, ముందు భాష ముట్టుకోకండి. ఫైలు ప్రింటు తీసి ఏకబిగిన చివరి దాకా చదవండి. చేతిలో పెన్ను ఉండొచ్చు, దిద్దడానికి మాత్రం కాదు. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, ఒకే వస్తువుకు ఐదుగురూ ఏమేం పేర్లు పెట్టారో రాసుకుంటూ పోండి. మీరు ఇచ్చిన ఐదు వాక్యాల్లోనే కుంటకు మూడు పేర్లున్నాయి. మహిళా సంఘానికి కూడా నాలుగైనా ఉంటాయి, చూసుకోండి.

రెండో కాగితం మీద “చేపట్టబడును”, “చేయడం జరుగుతుంది”, “ఏర్పాటు చేయబడతాయి” వంటివి కనిపించిన ప్రతిచోటా పేజీ నంబరు వేసి, ఎదురుగా ఒకే ప్రశ్న రాయండి: ఎవరు? “120 నిర్మాణములు చేపట్టబడును” అన్నారు. ఎవరు తవ్వుతారు? మీ భాగంలో ఎవరు తవ్వుతారని రాశారు? బడ్జెట్‌లో జేసీబీ ఉంది. ఈ మూడూ ఒకటేనా? నిపుణుడు గారి వాక్యం గ్రాంథికంగా ఉందని మీకు ఇబ్బందిగా ఉంది. నాకేమో, ఆ వాక్యంలో తవ్వేవాడు లేడని అనుమానంగా ఉంది. వెళ్లి అడిగి రండి, తర్వాత మాట్లాడదాం.

సీమపల్లె · మంగళవారం రాత్రి 9:55

ఎర్రసిరా గారూ, మీకు దండం పెట్టాలి.

రెండో కాగితం మీద 41 చోట్లు తేలాయి. “ఎవరు?” అని రాస్తే వాటిలో 30కి సమాధానం నాకు తెలుసు. మిగతా 11 కోసం ఫోన్లు కొట్టాను. పెద్దది మీరన్నదే. నిపుణుడు గారు ఉపాధి హామీ కూలీలు తవ్వుతారనుకున్నారు. అకౌంటెంట్ గారు జేసీబీ అనుకున్నారు. నేను నా భాగంలో “తవ్వకం పూర్తయ్యాక రైతులు గట్టు సర్దుకుంటారు” అని రాసి వదిలేశాను, ఎవరు తవ్వుతారో నేనూ ఆలోచించలేదు! ఆర్నెల్లుగా ఒకే గదిలో కూర్చుంటున్నాం, ఈ మాట ఎవరం ఎవర్నీ అడగలేదు.

ఒక పరువు తక్కువ సంగతి కూడా చెప్తాను. ఉదయం పట్నంబాబు గారి మాట విని Ctrl+H కొట్టాను. “లబ్ధిదారు” తీసి “రైతు” పెట్టమన్నాను. “లబ్ధిదారులు” చక్కగా “రైతులు” అయ్యింది. “లబ్ధిదారుడు” వెళ్లి “రైతుడు” అయ్యాడు. “లబ్ధిదారురాలు” “రైతురాలు” అయ్యింది. కొత్తగా చేరిన అమ్మాయి “లబ్దిదారులు” అని వత్తు లేకుండా రాసింది, అవన్నీ అలాగే మిగిలాయి.

పట్నంబాబు · మంగళవారం రాత్రి 10:10

హహ, రైతుడు! నా టెండర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, అక్కడ ఈ గొడవ రాదు. సరే, ఒక్కోటి చూసుకుంటూ మార్చండి, అంతేగా.

ఎర్రసిరా · మంగళవారం రాత్రి 10:45

అంతే కాదు. తెలుగులో మాట చివర ఊరుకోదు. “సంఘం” అని వెతికితే “సంఘాలు”, “సంఘానికి” దొరకవు. మార్పు లేని మొదటి ముక్క “సంఘ” వరకే వెతకాలి. అలా వెతికితే “సంఘటన” కూడా వస్తుంది, అందుకే రీప్లేస్ ఆల్ నొక్కకూడదు. ఒక్కోటి చూస్తూ పోవడానికి పట్టే సమయం మీరు అనుకున్నంత ఉండదు, 27 పేజీలకు ఒక పూట.

అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి. మీ 180 మంది లబ్ధిదారులు, 120 కుంటలు. మిగతా 60 మంది ఎవరు?

సీమపల్లె · మంగళవారం రాత్రి 11:05

అయ్యో. ఆ 60 మంది భూమి లేని ఆడవాళ్లు. కుంట గట్ల మీద నాటే మొక్కల కోసం నర్సరీ పెంచుతారు. వాళ్లు రైతులు కారు. నేను మార్చిన తర్వాత “180 మంది రైతులు” అయిపోయింది. చదివినవాళ్లు, 120 కుంటలే తవ్వితే మిగతా 60 మంది రైతుల కుంటలేవి అని అడుగుతారు!

ఎర్రసిరా · మంగళవారం రాత్రి 11:20

అదీ సంగతి. రెండు మాటలు ఒకే వస్తువుకు పేర్లా, లేక రెండు వేరు వస్తువులా అని తేల్చకుండా కలపకూడదు. “120 మంది రైతులు, నర్సరీ పెంచే 60 మంది మహిళలు” అని విడదీసి, లెక్క వచ్చిన ప్రతిచోటా అలాగే రాయండి. “లబ్ధిదారులు” అనే మాట మీ ఫైల్లోంచి పూర్తిగా పోతుంది, ఎవరూ బెంగపడరు.

లెక్కలమ్మ · బుధవారం ఉదయం 9:15

నేను ఇంకో సంస్థలో అకౌంటెంట్‌ని. మీరందరూ భాష భాష అంటూ బడ్జెట్ జోలికి వస్తారేమోనని ముందే చెబుతున్నా. బడ్జెట్ పట్టికలో మాటలు ఇచ్చేవాళ్ల ఫారంలో ఉన్నవి. వాటిని అందంగా మార్చకూడదు. రెండేళ్ల కింద మా దగ్గర ఒకాయన “సిబ్బంది ప్రయాణ వ్యయం” అన్న పద్దును “రాకపోకలు” అని మార్చాడు. ఆడిట్‌లో ఆ పద్దు ఫారంలో లేదన్నారు. బిల్లులన్నీ మళ్లీ రాయాల్సి వచ్చింది నాకు. మార్చినాయన మాత్రం అప్పటికి వేరే ఉద్యోగంలో చేరిపోయాడు.

ఎర్రసిరా · బుధవారం ఉదయం 10:00

లెక్కలమ్మ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. బడ్జెట్ పద్దు పేర్లు ముట్టుకోవద్దు, మిగతా భాగాలనే దానివైపు తీసుకురండి. పద్దులో “ఫారం పాండ్ తవ్వకం” అని ఫారం అడిగితే, లోపల కుంట గురించి మొదటిసారి వచ్చినచోట “పంటకుంట (బడ్జెట్‌లో ఫారం పాండ్)” అని ఒక్కసారి రాసి, ఆ తర్వాత అన్నిచోట్లా పంటకుంట అనండి.

బడ్జెట్ వాక్యాలు కథనంలా ఉండనక్కర్లేదు. అక్కడ గొంతు వేరుగా ఉంటే తప్పు కాదు. అక్కడి వస్తువులు మాత్రం కథనంలో కనిపించాలి. కథనంలో ఉన్న ఖర్చయ్యే పని ప్రతిదానికీ బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి. నర్సరీకి ఉందా?

సీమపల్లె · బుధవారం ఉదయం 10:20

ఉంది, “మొక్కల పెంపకం” అని ఉంది. హమ్మయ్య. గంటల లెక్క మాత్రం అనుమానంగా ఉంది, సాయంత్రం రాస్తాను.

వలసపక్షి · బుధవారం మధ్యాహ్నం 12:05

నేను అటువైపు కూర్చున్న మనిషిని. డాలస్‌లో ఉంటాను. ఊరి బడులకు సాయం చేసే ఒక చిన్న ట్రస్టు కోసం మూడేళ్లు ప్రతిపాదనలు చదివి మార్కులు వేశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక చదివేదాన్ని. నేనెప్పుడూ మొదటి పేజీ నుంచి వరసగా చదవలేదు. ముందు సారాంశం, తర్వాత బడ్జెట్, ఏదైనా తేడా కొడితే వెనక్కి వెళ్లి ఆ భాగం. నాతో చదివిన మిగతావాళ్లూ అలాగే.

ఒకసారి ఒక ప్రతిపాదనలో ఒకచోట “12 పొదుపు సంఘాలు”, ఇంకోచోట “12 మహిళా బృందాలు” అని ఉంది. మాలో ఒకాయన మొత్తం 24 అనుకుని, 24 సంఘాలకు ఈ శిక్షణ ఖర్చు చాలదు, వీళ్లకు అంచనా వేయడం రాదు అని మార్కులు తగ్గించాడు. నేను ఫోన్ చేసి కనుక్కుంటే రెండూ ఒకటే! ఆ సంస్థది మంచి పని. ఆ ఏడాది వాళ్లకు రాలేదు.

ఇంకోటి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక వచ్చిన ప్రతిపాదనల్లో పాత జిల్లా, కొత్త జిల్లా కలగలిసి ఉండేవి. ఒక పేజీలో ఒక జిల్లా, ఇంకో పేజీలో ఇంకో జిల్లా. మీ ఫైల్లోనూ చూసుకోండి.

సీమపల్లె · బుధవారం మధ్యాహ్నం 12:40

అక్కా, ఉంది! సార్ “63 మండలాల మన జిల్లా” అని ఉమ్మడి అనంతపురం లెక్క రాశారు. పర్యవేక్షణలో 32 మండలాలు అని ఉంది, అది శ్రీ సత్యసాయి జిల్లా లెక్క. సార్ మనసులో ఇంకా పాత జిల్లానే. వానల లెక్క సార్ ఇచ్చింది కూడా ఉమ్మడి జిల్లాదే. దానికి “ఉమ్మడి అనంతపురం జిల్లా” అని పేరు పెట్టి ఉంచుతాను, మండలాల లెక్క కొత్తదే అన్నిచోట్లా.

సీమపల్లె · బుధవారం రాత్రి 8:30

గంటల సంగతి తేలింది. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

నా భాగంలో ఒక్కో కుంటలో 1.3 లక్షల లీటర్లు పడతాయని ఉంది. నిపుణుడు గారి భాగంలో 2 లక్షల లీటర్లు అని ఉంది. నేనేమో ఆయన అంకె గుండ్రంగా చెప్పారులే, భాష తేడాలే అనుకున్నాను. కుంట పైన 10 మీటర్లు పొడవు, 10 వెడల్పు, లోతు 2 మీటర్లు. గోడలు నిలువుగా ఉంటే 200 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల లీటర్లే. కానీ మా ఎర్రనేలలో నిలువుగోడ మొదటి వానకే జారిపోతుంది. వాలు పెడతాం, మీటరు లోతుకు మీటరు లోపలికి. అప్పుడు అడుగున 6 బై 6 వస్తుంది, నీళ్లు సుమారు 131 ఘనపు మీటర్లు. నాది పాత ఇంజినీరు గారి చార్టు చూసి రాసింది, అదే సరైంది. నిపుణుడు గారు వాలు సంగతి మర్చిపోయారు.

ఇక్కడితో ఆగలేదు. అకౌంటెంట్ గారు నిపుణుడి 200 తీసుకుని, జేసీబీ గంటకు 25 ఘనపు మీటర్లు తవ్వుతుందని 8 గంటలు వేశారు. 131 అయితే ఐదుంబావు గంటలు చాలు. కిందికి పోయాక గరుసు తగులుతుంది, వాలు సర్దాలి కాబట్టి 6 అన్నారు నిపుణుడు గారు. ఒక్కో కుంటకు రూ. 9,600 ఉన్నది రూ. 7,200 అయ్యింది. 120 కుంటలకు రూ. 2,88,000 తేడా. “భాష చూడు” అని ఇస్తే బడ్జెట్ మారిపోయింది.

తవ్వేది జేసీబీయేనని కూడా ముగ్గురం కూర్చుని తేల్చాం. ఉపాధి హామీ కింద అయితే కాంట్రాక్టరు ఉండకూడదు, యంత్రాలూ వీలైనంత వరకు వాడకూడదు. రెండూ కలిపి రాస్తే అబద్ధమవుతుంది.

లెక్కలమ్మ · బుధవారం రాత్రి 9:10

తమ్ముడూ, ఆ రూ. 2,88,000 మిగిలిందని సంబరపడి ఇంకో పద్దులో సర్దకు. అడిగేది తగ్గించుకో. లేదా కుంట నీళ్లు పొర్లిపోయే దగ్గర రాళ్లు పరచడానికి డబ్బు పెట్టావా చూసుకో. చాలామంది మర్చిపోయేది అదే.

సీమపల్లె · బుధవారం రాత్రి 9:25

పెట్టలేదక్కా. రేపు అడుగుతాను.

ఇప్పుడు అసలు భాషకు వద్దాం. సంగతులు తేలాయి. ఎవరి భాష పట్టుకుని మిగతావాటిని మార్చాలి? సార్ది పెట్టకపోతే బాగోదేమో.

ఎర్రసిరా · గురువారం ఉదయం 11:30

ఎవరి హోదా పెద్దది అని చూడొద్దు. ఊరి కమిటీ చదివి సంతకం పెట్టాలి అన్నారు కదా, వాళ్లకు అర్థమయ్యేది మీ భాగం. దాన్నే నమూనాగా తీసుకోండి, ఒక్క మార్పుతో. మీరు “మనం కూర్చుని తేల్చుకుంటాం” అన్నారు. ఆ “మనం”లో ఎవరున్నారు? చదివే ట్రస్టువాళ్లు కూడా వచ్చి మీ ఊళ్లో కూర్చుంటారా? సంస్థ చేసే పనికి “మేం”. సంస్థా రైతులూ కలిసి చేసే పనికి “మేం, రైతులు కలిసి” అని విడమరిచి రాయండి. “మనం” వద్దే వద్దు. సార్ “మన జిల్లా” అన్నచోటా అంతే. “సదరు సంస్థ”, “మా సంస్థ వారు” అన్నీ “మేం” అయిపోతాయి.

క్రియలకు మూడే రూపాలు పెట్టుకోండి. అయిపోయింది “చేశాం”. చేయబోయేది “చేస్తాం”. వేరేవాళ్ల మీద ఆధారపడ్డది “ఫలానాది అయితే చేస్తాం”. నిపుణుడు గారి “పొందగలరు”ను అలవాటుగా “పొందుతారు” అని మార్చబోతారు, జాగ్రత్త. “గలరు” అంటే వీలుంది అని, “తారు” అంటే మాట ఇచ్చినట్టు. వాన పడకపోతే కుంట నిండదు. అక్కడ “వాన సరిగా పడిన ఏడాది, పంట చివర్లో ఎండిపోకుండా ఒక తడి ఇచ్చుకోవచ్చు” అని రాయాలి. వాక్యం సాఫీగా ఉందని మాట ఇచ్చేస్తే రేపు లెక్క చెప్పేది మీరే.

అమ్మాయి వాక్యం ఇలా మార్చొచ్చు: “పని మొదలుపెట్టే ముందు 120 మంది రైతుల ఇళ్లకూ వెళ్లి సర్వే చేస్తాం. ప్రతి నెలా 5వ తేదీలోగా మా క్షేత్ర సిబ్బంది నివేదిక ఇస్తారు.” సర్వే, రిపోర్టు, బడ్జెట్ అనే మాటలు ఉండొచ్చు, ఊళ్లో అందరూ అనేవే. “కండక్ట్ చేసి సబ్మిట్ చేయడం జరుగుతుంది” మాత్రం ఎవరూ అనరు. 5వ తేదీ నేను ఊహించి రాశాను, ఆ అమ్మాయిని అడిగి వేయండి. అసలు తేదీ ఏంటో అడిగితేగానీ ఆ వాక్యం పూర్తి కాదు, గమనించారా?

దిద్దేది ఒక్కరే, మీరే. మిగతా నలుగురికీ దిద్దిన భాగం పంపి “నచ్చిందా?” అని అడగొద్దు. “అర్థం ఎక్కడైనా మారిందా? అంకె ఏదైనా తప్పిందా?” అని అడగండి. నచ్చిందా అంటే పాత వాక్యాలన్నీ తిరిగొస్తాయి. అర్థం మారిందా అంటే పనికొచ్చే జవాబొస్తుంది.

అరటిదొన్నె · గురువారం సాయంత్రం 5:45

మాది మహబూబ్‌నగర్. అందరి మాటా చెక్కి చెక్కి ఒకటి చేస్తే, చివరికి మిగిలేది పత్రిక భాషే కదా సార్. మీ సీమలో వేరుశనగను బుడ్డలంటారు. మా దిక్కు పల్లీలంటం. రైతు చెప్పిన మాట ఆ రైతు చెప్పినట్టే ఉంటే తప్పేంది? ఐదుగురు రాశారని తెలిస్తే ప్రాణం పోతదా? మా సంఘం ప్రతిపాదన ముగ్గురం మూడు తీర్ల రాసినం, పైసలొచ్చినయ్.

ఎర్రసిరా · గురువారం రాత్రి 7:00

రైతు మాట కొటేషన్లో ఉంటే అక్షరం మార్చకూడదు, మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. “బుడ్డలు ఎండిపోతే కట్టె కూడా మిగల్దు” అని రైతు అంటే అలాగే ఉంచాలి. కథనంలో మాత్రం ఒక్క పేరే ఉండాలి, అది వేరుశనగ అయినా బుడ్డలైనా. డాలస్‌లో చదివే మనిషి గుంటూరు పిల్లైతే బుడ్డలంటే ఏమనుకుంటుందో!

వలసపక్షి · గురువారం రాత్రి 7:20

గుంటూరు కాదు, ఏలూరు. బుడ్డలంటే నిజంగానే తెలియదు నాకు 😀

అరటిదొన్నె · గురువారం రాత్రి 7:35

సరే, ఒక్క పేరు ఒప్పుకుంట. కానీ సార్ రాసిన ఆ “నేలతల్లి గుండెకోత” తీసేస్తే మాత్రం నాకు బాధే. ఆయన ఆ ఊళ్ల కోసం ఎన్నేండ్లు తిరిగిండో. మొదటి పేజీల మనిషి గొంతు వినిపియ్యాలె.

వలసపక్షి · గురువారం రాత్రి 7:50

చదివేదానిగా నా మాట చెప్తాను. “రక్కసి కోరలు” అనగానే నేను ఆ పేరా దాటేసేదాన్ని, ఎందుకంటే ప్రతి కరువు ప్రతిపాదనా అలాగే మొదలయ్యేది. వానాకాలంలో ఏ నెలలో వాన ఆగిపోయింది, ఎన్ని ఎకరాలు ఎండింది అని ఒక్క ఊరి సంగతి చెబితే ఆగి చదివేదాన్ని. అయినా నాతో కూర్చున్న ఇంకొకాయనకు ఆ కవిత్వమే నచ్చేది. కాబట్టి అందరి తరఫునా చెప్పలేను.

సీమపల్లె · శనివారం రాత్రి 9:40

రెండు రోజులు కనిపించలేదు, పనిలో మునిగిపోయాను. ఇప్పటిదాకా అయింది చెప్తాను.

27 పేజీలు 21కి వచ్చాయి. నేను గొప్పగా కుదించిందేమీ లేదు. ఐదుగురిలో నలుగురం మా మా భాగాలను కరువు వర్ణనతోనే మొదలుపెట్టాం. ఏటా సగటు వాన 550 మిల్లీమీటర్లు అన్న వాక్యం నాలుగుసార్లు ఉంది. సమస్య భాగంలో ఒక్కచోట ఉంచి మిగతా మూడు తీసేస్తే అక్కడే మూడున్నర పేజీలు పోయాయి. పైగా “బడును”లు మార్చితే వాక్యాలు పొట్టివయ్యాయి.

నిపుణుడు గారి వాక్యం ఇప్పుడిలా ఉంది: “మూడేళ్లలో 120 పంటకుంటలు తవ్విస్తాం. తవ్వేది జేసీబీతో, ఖర్చు ప్రాజెక్టుది. గట్టు సర్దడం, గట్టు మీద గడ్డి పెంచడం రైతు చేసుకుంటాడు. గట్టు మీద నాటే మొక్కలను 60 మంది మహిళలు నర్సరీలో పెంచి ఇస్తారు.” ఆయనకు పంపుతూ మీరన్నట్టే “అర్థం మారిందా?” అని అడిగాను. ఫోన్ చేసి, “అర్థం మారలేదు, కానీ ఇది ఆఫీసు భాషలా లేదే” అన్నారు. కాసేపాగి, “రైతు అంటే ఆడరైతులు కూడా ఉన్నారు, చేసుకుంటాడు ఏంటి?” అన్నారు. నిజమే! 120 మందిలో 19 మంది ఆడవాళ్లు. “రైతులు చేసుకుంటారు” అని మార్చాను. మేం నలుగురం చూసినా పట్టుకోలేదు.

నీళ్లు పొర్లిపోయే దగ్గర రాళ్లకు డబ్బు నిజంగానే లేదు. లెక్కలమ్మ అక్కా, నీకు సగం బిరుదు. మిగిలిన రూ. 2,88,000లో కొంత దానికి వేసి, మిగతాది అడగడం మానేశాం.

మా అమ్మాయి ఒక్కతే కొంచెం అలిగింది. “నా భాగంలో నా వాక్యం ఒక్కటీ లేదు” అంది. ఎదురుగా కూర్చుని, ఆమె సర్వే ప్రశ్నలు చదివాక నేను రాసినదాంట్లో రెండుచోట్ల ఆమె ఉద్దేశం తప్పిందని తేలింది. ఆమె ఉద్దేశంలో “బేస్‌లైన్” అంటే మొదటి ఏడాది కుంటలు రాని పొరుగు చేలు కూడా కొలుస్తాం అని, నేను వట్టి “ముందు సర్వే” అని రాసేశాను. ఎదురుగా కూర్చోకుండా మెయిల్లో పంపి ఉంటే అది పోయేదే.

పట్నంబాబు · శనివారం రాత్రి 10:05

సగటు వాన నాలుగుసార్లు! మా టెండర్లలో కంపెనీ చరిత్ర ఆరుసార్లు ఉంటుంది, ఎవరూ తీయరు. సోమవారం చూస్తాను.

ఎర్రసిరా · శనివారం రాత్రి 10:30

ఇంకొక్క పని మిగిలింది. గట్టిగా పైకి చదవండి, మీరు కాదు, ఊరి కమిటీలో ఎవరితోనైనా చదివించండి. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఎందుకు తడబడ్డారని అడగొద్దు. ఆ పేజీలు మాత్రం మళ్లీ రాయండి.

సార్ మొదటి పేరా ఏం చేశారు?

సీమపల్లె · ఆదివారం ఉదయం 8:15

మొత్తం తీసేసి, ఒక ఊళ్లో 2 ఎకరాల వేరుశనగ పూత దశలో ఎలా ఎండిందో రాశాను. సార్ చదివారు. ఏమీ అనలేదు. రాత్రి 11కి ఫైల్లో చూస్తే “గుండెకోత” వాక్యం ఒక్కటి తెచ్చి పేరా చివర పెట్టారు. నా వాక్యాలేవీ ముట్టుకోలేదు. ఉంచనా, అడగనా?

అరటిదొన్నె · ఆదివారం ఉదయం 8:30

ఉంచు తమ్మీ.

వలసపక్షి · ఆదివారం ఉదయం 8:50

పేరా చివరైతే పర్లేదు. మొదట్లో అయితే వద్దనేదాన్ని.

ఎర్రసిరా · ఆదివారం ఉదయం 9:10

నేనైతే తీసేస్తాను. కానీ సంతకం ఆయనది.

సీమపల్లె · ఆదివారం ఉదయం 9:25

ఇంకా ఒక పేజీ ఎక్కువుంది. ఊళ్ల జాబితా పట్టిక అనుబంధంలోకి పంపితే 20 అవుతుంది. అనుబంధాలు పేజీల లెక్కలోకి వస్తాయో రావో వాళ్ల సూచనల్లో లేదు. వలసపక్షి అక్కా, మీ ట్రస్టులో ఎలా లెక్కపెట్టేవాళ్లు?

వలసపక్షి · ఆదివారం ఉదయం 9:40

మేం లెక్కపెట్టేవాళ్లం కాదు. కానీ వాళ్ల పద్ధతి వాళ్లది, రేపు పొద్దున్నే మెయిల్ రాసి అడుగు. అడిగినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.